రెండు సరుకుల్లోనూ వెనకబడిన దేశానికి వ్యాపారం వల్ల ఏం ఒరుగుతుంది?

పటమట విద్యార్థిని

నేను పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. పోర్చుగల్ గుడ్డనూ వైన్‌నూ రెండింటినీ ఇంగ్లండ్ కంటే తక్కువ శ్రమతో తయారుచేయగలిగినప్పుడు, ఇంగ్లండ్ దగ్గర గుడ్డ కొనవలసిన అవసరం దానికి ఎందుకు వస్తుంది? మొన్న నమూనా పరీక్షలో ఈ లెక్కను తిరగేసి రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

అరండల్‌పేట మాస్టారు

అమ్మా, తులనాత్మక అనుకూలత అని పేరుపడిన ఈ లెక్కను ఇంగ్లండ్ అర్థశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో 1817లో వేశాడు. ఆయన పుస్తకంలో పట్టిక లేదు. నాలుగు సంఖ్యలూ వాక్యాల మధ్యలోనే వస్తాయి. వాటిని గళ్లలో సర్దినవాళ్లు నాలాగా పాఠాలు చెప్పుకుని బతికినవాళ్లు. దానివల్ల లెక్క సులువైంది గానీ, పట్టికను ఎటు నుంచి ఎటు చదవాలన్న తికమక కూడా అక్కడే మొదలైంది.

| | ఇంగ్లండ్ | పోర్చుగల్ |
|---|---|---|
| ఒక తాను గుడ్డకు | 100 | 90 |
| ఒక పీపా వైన్‌కు | 120 | 80 |

ప్రతి గడిలోనూ ఉన్నది ఆ సరుకు కోసం ఏడాది పాటు పనిచేయవలసిన మనుషుల సంఖ్య. తాను, పీపా అన్న కొలతలు నా సౌకర్యానికి పెట్టుకున్నవి. వందమంది ఏడాదంతా నేసిన తాను ఎంత పొడవుంటుందని మాత్రం అడగవద్దు.

విద్యార్థులు ఈ పట్టికను అడ్డంగా చదువుతారు. 100 పక్కన 90, 120 పక్కన 80 కనబడగానే రెండింటిలోనూ పోర్చుగలే మేలని రాసి కలం మూసేస్తారు. అది అబద్ధం కాదు గానీ మీ ప్రశ్నకు జవాబు కూడా కాదు. పట్టికను నిలువుగా చదవండి. ఇంగ్లండ్‌లో ఒక తాను నేసే 100 మందిని ద్రాక్షతోటకు పంపితే పీపా నిండదు, ఆరింట అయిదు వంతులే వస్తుంది. పోర్చుగల్‌లో ఒక తాను నేసే 90 మందిని తోటకు పంపితే ఒక పీపా నిండి, మరో పీపాలో ఎనిమిదో వంతు కూడా చేరుతుంది. ఒక తాను గుడ్డ కోసం ఇంగ్లండ్ వదులుకునేది పీపాకు తక్కువ, పోర్చుగల్ వదులుకునేది పీపాకు ఎక్కువ. మనుషులను లెక్కపెడితే పోర్చుగల్ గుడ్డ చౌక. వదులుకున్న వైన్‌ను లెక్కపెడితే ఇంగ్లండ్ గుడ్డ చౌక.

ఇప్పుడు తానుకు పీపా చొప్పున మారకం జరిగిందనుకోండి. పోర్చుగల్ 80 మందితో ఒక పీపా చేసి పంపి, సొంతంగా నేసుకుంటే 90 మంది పట్టే గుడ్డను ఇంటికి తెచ్చుకుంటుంది. ఇంగ్లండ్ 100 మందితో ఒక తాను నేసి పంపి, సొంతంగా చేసుకుంటే 120 మంది పట్టే వైన్‌ను తెచ్చుకుంటుంది. అక్కడ పదిమంది పని, ఇక్కడ ఇరవైమంది పని మిగిలింది. ఒకరి మిగులు రెండోవారి జేబులోంచి తీసింది కాదు.

బ్రాడీపేట నాలుగో లైను

మాస్టారూ, మన్నించాలి, మీరు మొదటి అడుగులోనే పొరబడ్డారు. పట్టికలో అన్నిటికంటే చిన్న సంఖ్య 80, అది పోర్చుగల్ వైన్ దగ్గర ఉంది. అంటే పోర్చుగల్ అన్నిటికంటే హీనంగా చేసేది వైనే. మా అమ్మాయి గైడులో కూడా ఇలాంటి పట్టికే ఉంది, అందులో పెద్ద సంఖ్య ఉన్న దేశానికే అనుకూలత అని స్పష్టంగా రాసి ఉంది. నేను మూడుసార్లు చదివాను.

అరండల్‌పేట మాస్టారు

మీ గైడులో ఉన్నది వేరే పట్టిక అయి ఉండాలి. సంఖ్యలు పట్టే శ్రమను చెబుతున్నాయా, వచ్చే సరుకును చెబుతున్నాయా అన్నది ముందు చూసుకోవాలి. ఇవే నాలుగు సంఖ్యలను ఒక కార్మికుడు చేసే సరుకుగా చదివితే ఏమవుతుందో చూడండి. ఇంగ్లండ్ 100 తానులు నేయడానికి 120 పీపాలు వదులుకుంటుంది, పోర్చుగల్ 90 తానులు నేయడానికి 80 పీపాలే వదులుకుంటుంది. అప్పుడు గుడ్డ నేయవలసింది పోర్చుగల్, వైన్ చేయవలసింది ఇంగ్లండ్, మొత్తం తలకిందులైపోతుంది. పటమట అమ్మాయి మార్కులు పోయింది ఇక్కడేనని నా అనుమానం.

పటమట విద్యార్థిని

అవును సర్, ప్రశ్నలో ‘ఒక్కొక్కరు చేసే యూనిట్లు’ అని ఉంటే నేను శ్రమ అనుకుని భాగించాను. ఇంకొక సందేహం. పోర్చుగల్ రెండింటిలోనూ సరిగ్గా పదో వంతు మెరుగ్గా ఉంటే, అంటే గుడ్డకు 90, వైన్‌కు 108 పడితే అప్పుడు?

అరండల్‌పేట మాస్టారు

మంచి ప్రశ్న. అప్పుడు 90 మందిని తోటకు పంపితే పోర్చుగల్‌లోనూ ఆరింట అయిదు వంతుల పీపాయే వస్తుంది, ఇంగ్లండ్‌లో వచ్చినంతే. ఎవరి గుడ్డా ఎవరికీ చౌక కాదు, ఓడ కదలదు. పోర్చుగల్ ఎంత మెరుగన్నది కాదు, రెండు సరుకుల్లో ఆ మెరుగు ఒకేలా లేకపోవడమే వ్యాపారానికి ఆధారం. రికార్డో లెక్కలో గుడ్డలో దాని మెరుగు పదో వంతు, వైన్‌లో మూడో వంతు. ఆ తేడాలోంచే మొత్తం మిగులు పుడుతుంది.

బ్రాడీపేట నాలుగో లైను

గైడు తప్పని మాత్రం నేను ఒప్పుకోను. అది చాలా ముద్రణలు పొందిన పుస్తకం.

యార్డు గుమాస్తా

నేను గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లుగా ఒక కమీషన్ కొట్లో పద్దులు రాస్తున్నాను. మాస్టారు చెప్పినది వినడానికి బాగుంది గానీ, వ్యాపారం అలా జరగదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. తేజ రకం కాయ చైనాకు పోతుంది, బంగ్లాదేశ్‌కు పోతుంది, శ్రీలంకకు పోతుంది. ఆ టిక్కీలు కొనే ఎగుమతిదారుల్లో ఒక్కడు కూడా ఈ కాయ కోసం రైతు ఎంత పత్తి వదులుకున్నాడని అడగగా నేను వినలేదు. అతను టిక్కీలో చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయ తీస్తాడు, ఒకటి విరిచి గింజ చూస్తాడు, అరచేతిలో నలిపి తేమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు, ఆ తరువాత క్వింటాకు ఇంత అంటాడు. ఇంకోచోట అదే కాయ వంద రూపాయలు తక్కువకు వస్తే అక్కడికి పోతాడు. వాడి కంటికి కనబడేది ధర ఒక్కటే.

కనుక నా ప్రశ్న ఇది. గుడ్డ పోర్చుగల్‌లో 90 మందితో అవుతున్నప్పుడు, 100 మంది కూలి భరించిన ఇంగ్లండ్ గుడ్డను కొనే తెలివితక్కువ వర్తకుడు ఎవడు? వదులుకున్న వైన్ అని కాకుండా రూపాయల్లో చెప్పండి.

అరండల్‌పేట మాస్టారు

న్యాయమైన ప్రశ్న. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఈ మెట్టు దాటేసి పోతాయి. రూపాయల్లోనే చెబుతాను, కూలిని తలకు ఏడాదికి పది రూపాయలు అన్నట్టు చిన్న అంకెగా పెట్టుకుందాం.

మొదట రెండు దేశాల్లోనూ కూలి పది రూపాయలే అనుకోండి. ఇంగ్లండ్ గుడ్డ వెయ్యి రూపాయలు, పోర్చుగల్ గుడ్డ తొమ్మిది వందలు. ఇంగ్లండ్ వైన్ పన్నెండు వందలు, పోర్చుగల్ వైన్ ఎనిమిది వందలు. మీరన్న వర్తకుడు రెండూ పోర్చుగల్‌లోనే కొంటాడు, అది నిజం. కాని ఆ సరుకుకు ఇంగ్లండ్ బంగారంతో చెల్లించాలి, ఎందుకంటే దాని దగ్గర పోర్చుగల్ కొనే వస్తువు ఒక్కటీ లేదు. బంగారం వెళ్లిపోతున్న కొద్దీ ఇంగ్లండ్‌లో డబ్బు తక్కువై కూలీ ధరలూ దిగుతాయి, బంగారం చేరిన పోర్చుగల్‌లో పెరుగుతాయి. ఈ కాలంలో ఆ పని మారకపు రేటు చేస్తుంది.

ఎక్కడిదాకా దిగుతుంది? లెక్క సులువుగా ఉండడానికి పోర్చుగల్ కూలిని పది దగ్గరే ఉంచి, ఇంగ్లండ్ కూలి ఎనిమిది రూపాయలకు వచ్చిందనుకోండి. దాని గుడ్డ ఎనిమిది వందలకు వస్తుంది, పోర్చుగల్ గుడ్డ తొమ్మిది వందల దగ్గరే ఉంది. దాని వైన్ తొమ్మిది వందల అరవై, పోర్చుగల్ వైన్ ఎనిమిది వందలు. ఇప్పుడు మీ వర్తకుడు ఏ పుస్తకమూ చదవకుండానే గుడ్డను ఇంగ్లండ్‌లో, వైన్‌ను పోర్చుగల్‌లో కొంటాడు. పోనీ ఇంగ్లండ్ కూలి ఆరు రూపాయలకు పడిపోయిందనుకోండి, గుడ్డ ఆరు వందలు, వైన్ ఏడు వందల ఇరవై అవుతాయి. అప్పుడు రెండూ ఇంగ్లండ్ నుంచే పోతాయి, బంగారం వెనక్కి వస్తుంది, కూలి మళ్లీ లేస్తుంది. పోర్చుగల్ కూలిలో మూడింట రెండు వంతులకూ పదింట తొమ్మిది వంతులకూ మధ్యనే ఇంగ్లండ్ కూలి నిలవగలదు. ఆ హద్దుల మధ్య ఎక్కడ నిలుస్తుందన్నది, ఎవరి సరుకు మీద ఎవరికి మోజు ఎక్కువ అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఆ సంగతిని జాన్ స్టూవర్ట్ మిల్ తరువాత తేల్చాడు.

యార్డు గుమాస్తా

ఇప్పుడు అర్థమైంది, నేను అన్నదే మీరు చుట్టుతిప్పి చెప్పారు. ఇంగ్లండ్ గుడ్డ అమ్ముడుపోవడానికి కారణం దాని కూలి తక్కువ కావడమే. దానికి ఇంత పెద్ద పేరు ఎందుకు, చౌక కూలి అంటే సరిపోతుంది. బీదవాడు అరిగిపోయేలా పనిచేసి చౌకగా అమ్ముకోవడాన్ని అనుకూలత అంటే ఎలా?

అరండల్‌పేట మాస్టారు

సగం మాత్రమే మీరన్నది. కూలి తక్కువ కావడానికి కారణం రెండు సరుకుల్లోనూ ఇంగ్లండ్ శ్రమ వెనకబడి ఉండడం. ఆ వెనకబాటు కూలిలో కనబడుతుంది, దాన్ని ఎవరూ తప్పించలేరు. కాని కూలి తగ్గినంత మాత్రాన ఇంగ్లండ్ వైన్ అమ్ముడుపోలేదు, గుడ్డే అమ్ముడుపోయింది. ఎంత సంపాదిస్తామన్నది ఒక ప్రశ్న, ఏది అమ్ముతామన్నది మరో ప్రశ్న. మొదటిదానికి అడ్డంగా చదివిన పట్టిక జవాబు చెబుతుంది, రెండోదానికి నిలువుగా చదివినది చెబుతుంది.

ఇక బీదవాడి సంగతి. వ్యాపారానికి ముందు ఇంగ్లండ్‌లో ఒక పీపా వైన్‌కు 120 మంది ఏడాది కష్టం పట్టేది. ఇప్పుడు ఎనిమిది వందల రూపాయల పీపాకు, తలకు ఎనిమిది చొప్పున, వందమంది కష్టం చాలు. పొరుగువాడి కూలితో పోల్చుకుంటే అతనిది తక్కువే, నిన్నటి తన కూలితో పోల్చుకుంటే మాత్రం అతను బాగుపడ్డాడు.

మంగళగిరి మగ్గం

అయ్యా, అతను అంటే ఎవరు? మీరు మొదటి నుంచి ఇంగ్లండ్ అంటున్నారు, పోర్చుగల్ అంటున్నారు, ఇప్పుడు అతను అన్నారు. ద్రాక్షతోటలో పనిచేస్తున్నవాడా, గుడ్డ నేస్తున్నవాడా, వైన్ తాగుతున్నవాడా?

మాది మంగళగిరి. మా తాతగారి కాలంలో ఇంట్లో మూడు గుంటమగ్గాలు ఉండేవి, ఇప్పుడు ఒకటి ఉంది. మా అన్నయ్య ముప్పై ఒక్క ఏళ్లు నిజాం అంచు చీర నేశాడు. మా అంచునే మరమగ్గం మీద దింపి సగం ధరకు అమ్మడం మొదలైన తరువాత, మాకు నూలు ఇచ్చే ఆసామి చీరకు ఇచ్చే మజూరీ పెంచడం మానేశాడు, ఆ పైన నూలు ఇవ్వడమే మానేశాడు. అన్నయ్య ఇప్పుడు బెజవాడలో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. మీ లెక్కలో ఒక పూటలో తోటలోని మనుషులు మగ్గం దగ్గరికి వచ్చేశారు. ఏ రోజు వచ్చారు? ఎవరు నేర్పారు? గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ, దారం తెగకుండా నాడె విసరడం చేతికి పట్టుబడడానికి మా ఇళ్లలో పిల్లవాడికి ఏళ్లు పడుతుంది.

ఇంకొకటి. వందమంది ఏడాదంతా నేస్తే ఒక్క తానా? ఎవరు రాశారండీ ఈ లెక్క?

బ్రాడీపేట నాలుగో లైను

నేనూ అదే అడుగుదామనుకున్నాను.

అరండల్‌పేట మాస్టారు

తాను పొడవు గురించి అడగవద్దని మొదటే మనవి చేశాను. రికార్డో ఒక తాను అనలేదు, ఇంత గుడ్డ అన్నాడు. దాన్ని వెయ్యి తానులనుకున్నా లెక్క మారదు.

మీ అన్నగారి కష్టం విన్నాను, బాధ కలిగింది. కాని అది ఈ చర్చకు చెందదు. మరమగ్గం ఏ ఓడలోనూ పరాయి దేశం నుంచి రాలేదు. యంత్రం వచ్చి చేతిపనిని కొట్టడం వేరు, రెండు దేశాలు సరుకు మార్చుకోవడం వేరు. ఈ రెండింటినీ కలిపితే ఆ అమ్మాయి పరీక్షలో మళ్లీ తప్పు రాస్తుంది.

మంగళగిరి మగ్గం

మా ఇంట్లో మగ్గం విప్పి అటక మీద పెట్టిన రోజున, చౌక గుడ్డ ఓడలో వచ్చిందా లారీలో వచ్చిందా అని మేము చూసుకోలేదు. నెల తిరిగేసరికి పింఛను బ్యాంకులో పడే మీలాంటివాళ్లకే ఆ తేడా కనబడుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవారికి, పనివాళ్లను ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరపడం సుద్దముక్కతో చేసే పని.

అరండల్‌పేట మాస్టారు

నా పింఛనుకూ రికార్డోకూ సంబంధం లేదు. వాదన చాలనప్పుడు మనిషి మీదికి రావడం సభ్యత కాదు.

బందరు రోడ్డు

ఇద్దరూ కొంచెం తగ్గితే నాదొక మాట. ఈ లెక్క నేర్పిన ఇంగ్లండ్ తనవంతు వచ్చినప్పుడు దీన్ని పాటించలేదు. మన తీరం నుంచి, మచిలీపట్నం నుంచి కూడా, అద్దకపు గుడ్డ అక్కడికి విపరీతంగా పోతున్న కాలంలో, అక్కడి నేతగాళ్లు గొడవ చేస్తే 1700లో అద్దకపు గుడ్డ దిగుమతిని నిషేధించారు, 1721లో అద్దకం చేసిన నూలుగుడ్డ కట్టుకోవడాన్నే చాలావరకు నిషేధించారు. ఆ చట్టం 1774 దాకా ఉంది. తమ మిల్లులు నిలబడ్డాకే స్వేచ్ఛా వ్యాపారం గుర్తుకొచ్చింది. 1703లో పోర్చుగల్‌తో కుదుర్చుకున్న మెథువెన్ ఒప్పందం కూడా అలాంటిదే. ఇంగ్లిషు ఉన్నిగుడ్డను పోర్చుగల్ రానివ్వాలి, బదులుగా పోర్చుగల్ వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ మీద సుంకం కంటే మూడో వంతు తక్కువ. వైన్ చేసుకుంటూ ఉండిపోయిన పోర్చుగల్ ఏమైంది, గుడ్డ నేసిన ఇంగ్లండ్ ఏమైంది?

యార్డు గుమాస్తా

ఇది బాగుంది.

అరండల్‌పేట మాస్టారు

బందరు రోడ్డు వారి తేదీలు సరైనవే, ఇంగ్లండ్ కపటమూ నిజమే. అయితే చెప్పినవాడు పాటించకపోతే కూడిక తప్పు కాదు. మీరు అసలు పట్టుకోవలసిన లోపం వేరే ఉంది. ఆ నాలుగు సంఖ్యలు ఒక ఏడాదివి. గుడ్డ నేస్తూ నేస్తూ యాభై ఏళ్లలో ఆ 100 కాస్తా 40 కావచ్చు, ద్రాక్షతోటలో 80 అలాగే ఉండిపోవచ్చు. ఈ రోజు ఏది చౌకో పట్టిక చెబుతుంది గానీ, ఏ పనిలో చెయ్యి తిరుగుతుందో చెప్పదు. పోర్చుగల్ కథకు వేరే కారణాలు కూడా చాలా ఉన్నాయి, దాన్ని ఒక్క ఒప్పందం మీద వేయడాన్ని నేను ఒప్పుకోను.

మంగళగిరి మగ్గం

పింఛను మాట అన్నందుకు మన్నించండి మాస్టారూ, కోపంలో వచ్చింది. కాని నేను ఈ రెండు రోజులూ మీ పట్టికనే ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీరు వేసిన లెక్కకు ఒక వరస తక్కువైంది. నేను కలిపి చూశాను, తప్పుంటే చెప్పండి.

వ్యాపారానికి ముందు రెండు తానులూ రెండు పీపాలూ ఎలా వస్తాయి? ఇంగ్లండ్‌లో గుడ్డ మీద 100 మంది, తోటలో 120 మంది, మొత్తం 220. పోర్చుగల్‌లో 90, 80 కలిపి 170. వ్యాపారం మొదలయ్యాక ఇంగ్లండ్ రెండు తానులను 200 మందితో, పోర్చుగల్ రెండు పీపాలను 160 మందితో చేస్తాయి. మీరు చెప్పిన ఇరవై, పది అలా మిగిలాయి. ఇంతవరకు సరే. ఇంగ్లండ్ తోటలు మూసిన రోజున 120 మంది బయటికి వస్తారు కదా. వాళ్లు మగ్గం నేర్చుకోవడానికి ఒక్క ఆరు నెలలు పట్టిందనుకోండి, నేర్పేవాడు దొరికాడనే అనుకోండి. 120 మంది ఆరు నెలలంటే 60 మంది ఏడాది పని నీళ్లపాలైంది. దేశానికి ఏడాదికి మిగిలేది ఇరవై మంది పని. పోయిన అరవై రాబట్టడానికే మూడేళ్లు. రెండేళ్లు పట్టిందనుకోండి, పోయినది 240, పన్నెండేళ్లు. మా అన్నయ్యకు పన్నెండేళ్లు లేవు, ఆయనకు యాభై ఎనిమిది.

అరండల్‌పేట మాస్టారు

మీ కూడిక తప్పు కాదు. నలభై ఏళ్లుగా పాఠం చెప్పినా ఈ వరసను నేను బోర్డు మీద ఎప్పుడూ వేయలేదని ఒప్పుకుంటున్నాను. రికార్డో రెండు ఊహలు పెట్టుకున్నాడు. దేశం దాటి మనుషులూ పెట్టుబడీ సులువుగా పోవు, దేశం లోపల మాత్రం ఒక పనిలోంచి ఇంకో పనిలోకి పోతాయి. మొదటిదాన్ని అందరూ విమర్శిస్తారు, మీరు రెండోదాన్ని పట్టుకున్నారు. పట్టికలో ఉన్నది ఒకే రకం శ్రమ గనుక, దేశం గెలిస్తే అందరూ గెలిచినట్టే లెక్క తేలుతుంది. భూమి, యంత్రం, నైపుణ్యం వేరువేరు మనుషుల చేతుల్లో ఉన్నాయని పెట్టుకుంటే కథ మారుతుంది. స్టోల్పర్, శామ్యూల్‌సన్ అన్న ఇద్దరు 1941లో అదే చూపించారు: దేశం మొత్తంగా బాగుపడుతున్నా, లోపల ఒక వర్గం నిజంగానే నిన్నటి కంటే తగ్గిపోవచ్చు.

అయినా నాది రెండు మాటల మనవి. ఆ అరవై ఒక్కసారి పోయేది, ఆ ఇరవై ఏటేటా వచ్చేది. మూడేళ్లు గడిచాక నాలుగో ఏడాది నుంచి అదంతా మిగులే. తోటలు మూయవద్దని నిషేధం పెడితే ఆ ఇరవై ఎన్నటికీ రాదు. గెలిచినవారి మిగులులోంచి నష్టపోయినవారికి చెల్లించినా ఇంకా కొంత మిగులుతుందన్నదే ఈ సిద్ధాంతం ఇచ్చే హామీ.

మంగళగిరి మగ్గం

చెల్లించినా మిగులుతుంది అన్నారు గానీ చెల్లిస్తారు అనలేదు. మన గొడవంతా ఆ రెండు మాటల మధ్యే ఉందని ఇప్పుడు తెలిసింది. నేను ఓడలు ఆపమని అడగలేదు. చౌక వైన్ తాగేవాడు ఒకడు, ఆరు నెలలు ఖాళీగా కూర్చునేవాడు ఇంకొకడు అయినప్పుడు, మొదటివాడి ఇరవైలోంచి రెండోవాడి అరవైని ఎవరు ఏ చేత్తో తీసి ఇస్తారన్నది పట్టికలో ఏ గడిలో ఉంది? దేశం లోపల మనుషులు సులువుగా పోతారని ఆయన అనుకున్నాడట. మంగళగిరి నుంచి బెజవాడ పదిహేను కిలోమీటర్లు కూడా లేదు, మా అన్నయ్య పోనే పోయాడు. నేతగాడిగా మాత్రం పోలేదు.

అరండల్‌పేట మాస్టారు

ఆ గడి పట్టికలో లేదు. అది సర్కారు చేయవలసిన పని, అర్థశాస్త్రం దాకా రాదు అని నేను ఇంతకాలం చెబుతూ వచ్చాను. ఇప్పటికీ చాలావరకు అదే అంటాను.

మంగళగిరి మగ్గం

నేను అనను.

యార్డు గుమాస్తా

నాకు మాత్రం ఇద్దరి మాటలోనూ ఒకటి తప్పిపోయింది. ఎగుమతి సరుకు పండించేవాడు గెలిచినవాడని మీరిద్దరూ ధీమాగా ఉన్నారు. తేజకు మంచి ధర పలికిన ఏడాది చుట్టుపక్కల పత్తి చేలన్నీ మిర్చి చేలవుతాయి, మరుసటి ఏడాది కాయ కోల్డ్ స్టోరేజీల్లో పట్టక బయట తడుస్తుంది, ధర పడుతుంది. మిల్ ఏదో తేల్చాడన్నారే, ఆ హద్దుల మధ్య ధర రైతు వైపు చివరకు వచ్చి ఆనినప్పుడు లాభమంతా కొన్నవాడి దేశానికే కదా పోయేది?

అరండల్‌పేట మాస్టారు

అవును. తానుకు ఆరింట అయిదు వంతుల పీపాయే ఇస్తామని పోర్చుగల్ పట్టుబట్టి, ఇంగ్లండ్ ఒప్పుకోవలసి వస్తే, ఇంగ్లండ్‌కు మిగిలేది సున్నా. నష్టమైతే ఉండదు, కాని లాభం కూడా ఉండదు. మీ రైతుకు నష్టం కూడా వస్తున్నది ఎందుకంటే, అతను విత్తిన రోజున ధర తెలియదు, పట్టికలో మాత్రం ముందే తెలుసు. దాని మీద వేరే చర్చ పెట్టండి, నేను వస్తాను.

బ్రాడీపేట నాలుగో లైను

మా అమ్మాయి గైడు దొరికింది, అందుకే ఆలస్యమైంది. పట్టిక పైన చాలా చిన్న అక్షరాల్లో ‘ఒక కార్మికుడు ఒక ఏడాదిలో ఉత్పత్తి చేసే యూనిట్లు’ అని ఉంది. మొన్న నేను కళ్లజోడు లేకుండా చూశాను. కాబట్టి గైడు కూడా తప్పు కాదు, మాస్టారు కూడా తప్పు కాదు. కాని పక్క పేజీలో ఇంకో పట్టిక ఉంది, దాని మీద అసలు ఏ శీర్షికా లేదు. దాన్ని ఎలా చదవాలి?

పటమట విద్యార్థిని

ఆ పేజీ ఫొటో పెట్టండి సార్. నా నమూనా పరీక్షలో వచ్చింది అదేనేమో చూస్తాను.